శీతోష్ణస్థితి మండలాల నోట్సును ఒక్క ప్రపంచ పటంలోకి దించడం ఎలా

శీతోష్ణస్థితి మండలాల మీద క్లాసులో రాసుకున్న నోట్సు దాదాపు ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది. ఒక్కో మండలానికి ఉనికి, ఉష్ణోగ్రత, వర్షపాతం, వృక్షసంపద, ప్రజల వృత్తులు. పన్నెండు మండలాలకు పన్నెండుసార్లు ఇదే వరస. చదివేటప్పుడు బాగానే ఉంటుంది కానీ, సహారా, అటకామా రెండూ ఖండాలకు పడమటి వైపే ఎందుకున్నాయని అడిగితే నోట్సులో ఏ పేజీ తిప్పాలో తెలియదు. జవాబు రెండు పేజీల మధ్య ఉంటుంది, ఏ ఒక్క పేజీలోనూ ఉండదు.

పటం మీద అదే విషయం కంటికి కనబడుతుంది. ఒక మండలం ఎక్కడ పడుతుందో చాలావరకు నిర్ణయించేవి రెండే: అక్షాంశం ఎంత, ఖండానికి ఏ వైపు. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్నవాళ్లు, డిగ్రీ భూగోళం విద్యార్థులు ఈ రెండింటి ఆధారంగా ఒకే ఒక్క ఏ3 కాగితం ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చూద్దాం. మధ్యధరా మండలాన్ని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. మిగతావన్నీ అదే పద్ధతి.

కాగితం, పటం

విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లోనైనా స్టేషనరీ షాపులో ప్రపంచ అవుట్‌లైన్ మ్యాపు అడగండి. పొలిటికల్ వద్దు, దేశాల సరిహద్దులు గీతల మీద గీతలై అడ్డొస్తాయి. ఖండాల అంచులు మాత్రమే ఉన్నది తీసుకోండి. దాన్ని నేరుగా వాడకుండా జిరాక్స్ షాపులో 141 శాతానికి పెంచి ఏ3 తీయించండి. ఏ4 నుంచి ఏ3కి సరిగ్గా సరిపోయే పెంపు అదే.

ఏ3 ఎందుకంటే, ఏ4 పటంలో ప్రపంచం వెడల్పు సుమారు 27 సెంటీమీటర్లు. 360 డిగ్రీలు అందులో ఇమడాలి కాబట్టి ఒక డిగ్రీకి మిల్లీమీటరు కూడా రాదు. కేప్‌టౌన్ దగ్గరి మధ్యధరా ముక్క పెన్సిల్ మొనంత చుక్క అయిపోతుంది. ఏ3లో అది నాలుగైదు మిల్లీమీటర్లకు వస్తుంది, రంగు వేయడానికి వీలవుతుంది. ఒకే పటం రెండు కాపీలు తీయించండి. రెండోది పరీక్షించుకోవడానికి, దాని సంగతి చివర్లో.

రంగు పెన్సిళ్లు వాడండి, స్కెచ్ పెన్నులు వద్దు. స్కెచ్ పెన్ను సిరా కాగితం వెనక్కి దిగుతుంది, కింద ఉన్న తీరరేఖను కూడా మింగేస్తుంది. రాయడానికి సన్న మొన బాల్‌పెన్ను మంచిది. రంగు పెన్సిల్ మైనం మీద జెల్ పెన్ను జారిపోయి అక్షరం మధ్యమధ్యలో తెగుతుంది.

ముందు గీతలు, ఆ తర్వాతే రంగులు

చాలామంది ఇక్కడే తప్పుతారు. భూమధ్యరేఖ గీసి, అక్కడి నుంచి పైకి కిందికి స్కేలుతో సమాన దూరాల్లో 10, 20, 30 అని గీతలు కొట్టేస్తారు. మెర్కేటర్ పటమైతే అలా కుదరదు. అందులో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ గీతల మధ్య దూరం పెరుగుతూ పోతుంది. మీ చేతిలోది అదో కాదో గ్రీన్‌లాండ్ చెప్పేస్తుంది. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్ కన్నా పద్నాలుగు రెట్లు పెద్దది. పటంలో రెండూ ఇంచుమించు ఒకే సైజులో కనబడితే అది మెర్కేటర్.

ఏ పటమైనా సరే, స్కేలును నమ్మకుండా ఊళ్ల ఆధారంగా గీతలు గీయండి. భూమధ్యరేఖ అమెజాన్ నది ముఖద్వారం, విక్టోరియా సరస్సు ఉత్తర భాగం, బోర్నియో మధ్యగా పోతుంది. సింగపూర్ దానికి కొంచెం పైన ఉంటుంది. కర్కటరేఖ మన గుజరాత్ కచ్ మీదుగా, తైవాన్ మధ్యగా పోతుంది. హవానా దానికి కాస్త కింద. మకరరేఖ రియో డి జెనీరోకు కొద్దిగా దిగువన, మడగాస్కర్ దక్షిణ భాగంలో పడుతుంది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి మాడ్రిడ్, అంకారా, బీజింగ్ మూడూ దగ్గర్లోనే ఉంటాయి. 35 డిగ్రీల దక్షిణానికి ఆఫ్రికా కొసన ఉన్న అగుల్హాస్ అగ్రం, బ్యూనస్ ఎయిర్స్ గుర్తులు. 60 ఉత్తరానికి గ్రీన్‌లాండ్ దక్షిణ కొస, హెల్సింకీ.

ఈ గుర్తులను పెన్సిల్‌తో చుక్కలు పెట్టి కలపండి. 10, 30, 45, 60 గీతలు, రెండు అయనరేఖలు, భూమధ్యరేఖ ఉంటే చాలు. 10, 30, 45 గీతలను ఈ గుర్తుల మధ్య అంచనా మీద గీయవచ్చు, డిగ్రీ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అన్ని గీతలూ గీస్తే పటం గళ్ల లుంగీలా తయారవుతుంది.

నోట్సును వడకట్టడం

ఇప్పుడు నోట్సు తెరవండి. మధ్యధరా శీతోష్ణస్థితి గురించి క్లాసులో రాసుకున్నది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"ఈ శీతోష్ణస్థితి ఖండాల పశ్చిమ తీరాల్లో 30 నుంచి 45 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ఉంటుంది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా నైరుతి కొస, ఆస్ట్రేలియా నైరుతి, దక్షిణ ప్రాంతాలు. వేసవి వేడిగా, పొడిగా ఉంటుంది. ఉప అయనరేఖా అధిక పీడన మేఖల వేసవిలో ధ్రువాల వైపు జరగడం వల్ల వర్షం ఉండదు. చలికాలంలో పశ్చిమ పవనాల ప్రభావంలోకి వచ్చి వర్షం కురుస్తుంది. ఆలివ్, ద్రాక్ష, నిమ్మజాతి పండ్లు. సిరోకో, మిస్ట్రల్ స్థానిక పవనాలు. ద్రాక్ష సారాయి పరిశ్రమ..."

దీన్ని మూడు రంగుల పెన్నులతో గీతలు కొట్టండి. ఎక్కడ అన్నది పచ్చ, ఎందుకు అన్నది ఎరుపు, ఎప్పుడు వాన అన్నది నీలం. ఏ రంగూ పడని వాక్యాలన్నీ పటం మీదికి రావు. ఆలివ్, ద్రాక్ష, సారాయి పరిశ్రమ కాగితం వెనక వైపు ఒక పట్టికలోకి పోతాయి. వాటిని కూడా ముందు వైపే ఇరికించాలనుకుంటే పటం మళ్లీ నోట్సే అయిపోతుంది. సిరోకో, మిస్ట్రల్ మాత్రం బాణాలుగా రావచ్చు. సిరోకో సహారా నుంచి ఉత్తరానికి వేడి బాణం, మిస్ట్రల్ ఫ్రాన్స్‌లో రోన్ లోయ వెంట దక్షిణానికి చలి బాణం. దిశ ఉన్న సమాచారానికి పటంలో చోటివ్వడంలో తప్పు లేదు.

ఒక్కోసారి ఎరుపు గీత పడటానికి వాక్యమే దొరకదు. లెక్చరర్ కారణం చెప్పి ఉంటారు, మీరు రాసుకుని ఉండరు. అక్కడ ఆగి పాఠ్యపుస్తకంలో కారణం వెతికి రాసుకోండి. కారణం లేని మండలాన్ని పటంలో బట్టీ పట్టాల్సిందే, అది వారంలో ఎగిరిపోతుంది.

రంగు వేయడం: పడమటి తీరం నుంచి

నోట్సు వరసలో వెళ్లకండి. ముందుగా అన్ని ఖండాల పడమటి తీరాలు పూర్తి చేయండి. భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు వెళ్తుంటే భూమధ్యరేఖా మండలం, సవన్నా, ఎడారి, మధ్యధరా, ఆ పైన పశ్చిమ ఐరోపా రకం, చివరికి శీతల మండలం. ఉత్తర అమెరికాలో చూసినా, ఆఫ్రికా నుంచి ఐరోపా దాకా చూసినా, దక్షిణ అమెరికాలో కిందికి దిగినా ఇదే వరస. చిలీ ఒక్క దేశంలోనే ఉత్తరాన అటకామా ఎడారి, నడుమ శాంటియాగో దగ్గర మధ్యధరా, దక్షిణాన ఏడాది పొడవునా వానలు కనిపిస్తాయి. మీ పటంలో చిలీ మూడు రంగుల్లో రాకపోతే ఎక్కడో గీత తప్పిందని అర్థం.

మధ్యధరా రంగు వేసేటప్పుడు చేయి ఎక్కువ జారే చోట్లు నాలుగు. ఆస్ట్రేలియా దక్షిణ తీరమంతా ఒకే పట్టీగా వేస్తారు. అది రెండు ముక్కలు: పెర్త్ దగ్గరొకటి, అడిలైడ్ దగ్గరొకటి. మధ్యలో నల్లార్‌బార్ మైదానం పొడి నేల. సిడ్నీని కూడా ఇందులో కలిపేస్తారు, అది తూర్పు తీరం, చైనా రకం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ మూల మాత్రమే మధ్యధరా, డర్బన్ కాదు. ఇక ఉత్తరాఫ్రికాను మరిచిపోతారు. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల ఉత్తర తీరం కూడా ఈ రంగులోనే ఉండాలి, కైరో మాత్రం ఎడారి రంగులో.

ఎడారులకు రంగు వేయగానే వాటి పక్కన సముద్రంలో నీలి బాణాలు వేయండి. సహారా పక్కన కెనరీ ప్రవాహం, నమీబ్ పక్కన బెంగ్వేలా, అటకామా పక్కన పెరూ, సొనోరా పక్కన కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా పడమట పశ్చిమ ఆస్ట్రేలియా ప్రవాహం. అయిదూ శీతల ప్రవాహాలే. కిందికి దిగే గాలి, నేల మీది నుంచి సముద్రం వైపు వీచే వ్యాపార పవనాలు, తీరాన చల్లటి నీళ్లు. ఈ మూడూ ఒకేచోట కలవడం వల్లే ఎడారులు పడమటి వైపు పడ్డాయని బాణాలు వేశాక విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

పశ్చిమ ఐరోపా రకం దగ్గర 60 డిగ్రీల గీతను చూసి ఆగిపోకండి. ఉత్తర అట్లాంటిక్ డ్రిఫ్ట్ అనే వెచ్చటి ప్రవాహం వల్ల ఆ రంగు నార్వే తీరం వెంట 60 దాటి పైకి పోతుంది. అక్కడ ఒక ఎర్ర బాణం వేయాలి.

తూర్పు తీరం, ఆ తర్వాత నడి భూభాగం

తూర్పు తీరం వరస వేరు. భూమధ్యరేఖా మండలం తర్వాత రుతుపవన రకం, 25 నుంచి 40 మధ్య చైనా రకం, ఆ పైన లారెన్షియన్ రకం. లారెన్షియన్ రంగు ఉత్తరార్ధగోళంలో మాత్రమే వేయాలి. దక్షిణాన ఆ అక్షాంశాల్లో ఖండాలు సన్నబడిపోయి నీళ్లే ఎక్కువ, అంత చలి పట్టేంత భూభాగం లేదు. తూర్పు, పడమర పూర్తయ్యాక మిగిలిన నడి భూభాగంలో సవన్నా, స్టెప్పీ, టైగా తేలిగ్గా పడిపోతాయి.

ఈ రూలుకు లొంగనివి కొన్ని ఉన్నాయి. వాటిని నక్షత్రం గుర్తుతో పటంలోనే చూపించాలి, ఎందుకంటే ప్రశ్నలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. పెటగోనియా తూర్పు వైపున్న ఎడారి, ఆండీస్ పర్వతాల వర్షచ్ఛాయలో పడింది. సోమాలియా భూమధ్యరేఖకు దగ్గర్లో, తూర్పు తీరాన ఉండి కూడా పొడిగా ఉంటుంది, అక్కడ నైరుతి పవనాలు తీరానికి సమాంతరంగా పోతాయి. ఇక ముంబయి పడమటి తీరమే కదా, ఎడారి ఎందుకు కాలేదు? ఈ రూలులో పడమటి తీరం అంటే ఖండానిది, దేశానిది కాదు. ఆ అక్షాంశాల్లో ఆసియాకు పడమటి కొస అరేబియా, అక్కడ ఎడారి ఉండనే ఉంది.

క్యాప్షన్ రాయడం

ఒక్కో మండలానికి ఒకే క్యాప్షన్, పన్నెండు మాటలు దాటకూడదు. వరస ఎప్పుడూ ఒకటే: ఎక్కడ, ఎందుకు, వాన ఎప్పుడు. మొదట సహజంగా వచ్చేది ఇలా ఉంటుంది:

"మధ్యధరా శీతోష్ణస్థితిలో వేసవికాలం వేడిగా పొడిగా ఉండి చలికాలంలో వర్షం కురుస్తుంది."

ఇందులో ఎక్కడ లేదు, ఎందుకు లేదు. 'శీతోష్ణస్థితి' అన్న మాట షీటు శీర్షికలోనే ఉంది కాబట్టి ప్రతి క్యాప్షన్‌లో దానికి చోటు ఇవ్వనక్కర్లేదు. కురుస్తుంది, ఉంటుంది లాంటి క్రియలు కూడా తీసేయొచ్చు. అప్పుడు ఇలా వస్తుంది:

"పశ్చిమ తీరం 30–45°. వేసవి: అధిక పీడనం, పొడి. చలికాలం: పశ్చిమ పవనాలు, వాన."

పన్నెండు లోపే సరిపోయింది, మూడు రంగులూ ఇందులో ఉన్నాయి. అలాగే వేడి ఎడారికి "పశ్చిమ తీరం 20–30°. దిగే గాలి, వ్యాపార పవనాలు, శీతల ప్రవాహం. వాన లేదు." లారెన్షియన్‌కు "తూర్పు తీరం 40–55° ఉత్తరం మాత్రమే. నేల మీది చలిగాలి. ఏడాదంతా వాన, మంచు."

అక్షాంశాల అంకెలు పుస్తకానికీ పుస్తకానికీ కొంచెం మారతాయి. మధ్యధరాకు ఒకచోట 30–40, మరోచోట 30–45 అని ఉంటుంది. మీ లెక్చరర్ చెప్పిన అంకెలే ఆసాంతం వాడండి.

క్యాప్షన్లు రంగు మీద రాయకూడదు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల ఖాళీలో గానీ కాగితం అంచుల్లో గానీ రాసి, స్కేలుతో ఒక సన్న గీత లాగి, మండలం లోపల చుక్కతో ముగించండి. గీతలు ఒకదాన్నొకటి కోసుకోకూడదు. ఐరోపా దగ్గర ఇరుకు కాబట్టి అక్కడి గీతలన్నీ పైకి, ఆర్కిటిక్ వైపు లాగడం నయం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య 7 మిల్లీమీటర్ల ఎడం ఇవ్వండి. 5 ఇస్తే పై వరస ఒత్తు కింది వరస గుడిలో చిక్కుకుని పరీక్ష ముందురోజు మీ రాత మీకే అర్థం కాదు.

నెలల పట్టీ

క్యాప్షన్ కింద 3 సెంటీమీటర్ల పొడవున ఒక పట్టీ గీసి పన్నెండు గళ్లు చేయండి. ఒక్కో గడి రెండున్నర మిల్లీమీటర్లు, జనవరి నుంచి డిసెంబరు దాకా. వాన ఎక్కువ పడే నెలలను నల్లగా నింపండి. మన ప్రాంతానికి జూన్ నుంచి అక్టోబరు నల్లగా వస్తుంది. మధ్యధరాకు రోమ్ పట్టీలో రెండు చివరలు నలుపు, నడుమ తెలుపు. పెర్త్ పట్టీలో అదే తలకిందులు, మే నుంచి ఆగస్టు నలుపు. 'చలికాలం వాన' అని మాటల్లో రాసుకుంటే దక్షిణార్ధగోళం దగ్గర తడబడి డిసెంబరు అనేస్తారు. రెండు పట్టీలు పక్కపక్కన ఉంటే ఆ తప్పు జరగదు. అందుకే మధ్యధరాకు మాత్రం రెండు పట్టీలు వేయండి.

భూమధ్యరేఖా మండలానికీ పశ్చిమ ఐరోపా రకానికీ పన్నెండు గళ్లూ నలుపే. తేడా తెలియాలంటే పట్టీ పక్కన రెండు ఉష్ణోగ్రతలు రాయాలి: అతి చల్లటి నెల, అతి వేడి నెల. సింగపూర్‌కు రెండూ 26–29 డిగ్రీల లోపే. లండన్‌కు సుమారు 5, 18.

రెండు వర్గీకరణలు కలిపేయకండి

చూడటానికి బాగానే ఉన్నా పనికిరాకుండా పోయే షీట్లలో ఎక్కువగా కనబడే లోపం ఇది. పైన చెప్పిన మధ్యధరా, చైనా రకం, లారెన్షియన్ పేర్లు ఒక పద్ధతి. కొప్పెన్ అక్షరాల పద్ధతి వేరు, అది నెలవారీ ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెల మీద నడుస్తుంది. మొదటి పద్ధతిలో విజయవాడ, గుంటూరు రుతుపవన మండలం. కొప్పెన్‌లో ఇదే ప్రాంతం సాధారణంగా Aw, అంటే సవన్నా కిందికి వస్తుంది. రెండు చోట్ల నుంచి తెచ్చి ఒకే పటం మీద రంగులు వేస్తే కృష్ణా డెల్టా మీద రెండు రంగులు పడి ఏది సరైనదో తెలియక కూర్చుంటారు. ఎవరి లెక్కలో వాళ్లది సరైనదే. సిలబస్‌లో కొప్పెన్ ఉంటే దానికి వేరే పటం తీయించుకోండి. ఒకే పటంతో సరిపెట్టాలంటే క్యాప్షన్ చివర Csa, Af లాంటి గుర్తును చిన్నగా రాయొచ్చు గానీ, రంగుల హద్దులు మాత్రం ఒక పద్ధతివే ఉండాలి.

మడత, జిరాక్స్

సగానికి మడిస్తే మడత సరిగ్గా లండన్, ఘనా మీదుగా పోతుంది, ఎందుకంటే మామూలు పటాల్లో సున్నా రేఖాంశం నడుమ ఉంటుంది. రెండు వారాల్లో ఆ గీత మీది రాత చెరిగిపోతుంది. అక్కడ ఏమీ రాయకండి, లేదా చుట్టి పెట్టుకోండి. హాస్టల్లో పక్కవాళ్లు నలుపు జిరాక్స్ అడుగుతారు. అందులో ఎరుపు, పచ్చ ఒకే బూడిద రంగుగా వస్తాయి, లేత పసుపు కనబడకుండా పోతుంది. ఎడారికి చుక్కలు, మధ్యధరాకు అడ్డగీతలు, చైనా రకానికి ఏటవాలు గీతలు పెన్నుతో ముందే వేసి ఉంచితే జిరాక్స్ కూడా చదవడానికి పనికొస్తుంది.

రెండో కాపీ

షీటు పూర్తయ్యాక రెండు రోజులు దాన్ని చూడకుండా, ఆ ఖాళీ కాపీ తీయండి. ముందు గీతలు గీయండి, రంగులు అక్కర్లేదు. తర్వాత శాంటియాగో, డర్బన్, పెర్త్, షాంఘై, బెర్గెన్ అయిదు ఊళ్లకు చుక్కలు పెట్టి ఒక్కోదాని పక్కన మండలం పేరు, కారణం, నెలల పట్టీ వేయండి. పేరు సరిగ్గా రాసి పట్టీ తప్పితే కారణం సరిగ్గా రాలేదని అర్థం. అప్పుడు ఆ ఒక్క మండలం నోట్సులోని ఎరుపు గీత వాక్యానికి వెళ్లాలి, మొత్తం నోట్సుకు కాదు. ఊరి చుక్కే తప్పుచోట పెడితే గీతల గుర్తులను మళ్లీ చూసుకోవాలి. మర్నాటికి ఊళ్లు మార్చండి: వల్పరాయిసో, హాంకాంగ్, కేప్‌టౌన్, వాంకూవర్, మొగదిషు. మొగదిషు దగ్గర భూమధ్యరేఖా మండలం అని రాస్తే నక్షత్రం గుర్తులు మరోసారి చూడాలి.